భాషా స్థాయి ధ్రువపత్రాన్ని చదవడం: జర్మన్ బి1, జపనీస్ ఎన్4 ఉదాహరణలుగా

పరిచయం

నెల్లూరు జిల్లా తీరంలో అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు వైపు ఊళ్లలో ఈ మధ్య నర్సింగ్ చదివిన పిల్లలు జర్మన్ నేర్చుకుంటున్నారు. డిప్లొమా, ఐటిఐ చదివిన పిల్లలు జపనీస్ నేర్చుకుంటున్నారు. చెన్నై వైపు వెళ్లే దారిలో శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ వంటి జపాన్ కంపెనీలు ఉండడం కూడా జపనీస్ మీద ఆసక్తికి కొంత కారణం. వీరిలో చాలామందికి తాము ఏ స్థాయి పరీక్ష రాయాలో తెలుసు. "బి1 కావాలట సార్", "ఎన్4 చాలంట సార్" అని చెబుతారు. అయితే ఆ అక్షరం, ఆ అంకె దేన్ని కొలుస్తాయి, దేన్ని కొలవవు, ఎక్కడ ఒక్క మార్కుతో మొత్తం తలకిందులవుతుంది అన్నది చాలామందికి పరీక్ష తప్పాకే తెలుస్తోంది. ఈ పాఠంలో రెండు మార్కుల పత్రాలను ఎదురుగా పెట్టుకుని ఆ విషయం చూద్దాం.

ముందుగా ఒక మాట చెప్పాలి. స్థాయి వేరు, పరీక్ష వేరు. జర్మన్‌కు వాడే ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అనేవి ఐరోపా భాషలన్నిటికీ ఉమ్మడిగా పెట్టుకున్న ఆరు మెట్లు. ఆ మెట్టు ఎక్కారో లేదో పరీక్షించే సంస్థలు వేరు వేరుగా ఉన్నాయి. గోథే, టెల్క్, ఓఎస్‌డీ అనే పేర్లు మీరు వినే ఉంటారు. జపనీస్‌కు ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లున్నాయి. అక్కడ అంకె తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుంది. ఆ ఐదూ జేఎల్‌పీటీ అనే ఒకే పరీక్షకు చెందిన మెట్లు. ఏటా జూలైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి జరుగుతుంది. నెల్లూరు వారికి రెండు భాషలకూ దగ్గరి పరీక్షా కేంద్రం చెన్నైయే. అక్కడ గోథే సంస్థను మాక్స్ ముల్లర్ భవన్ అంటారు. జర్మన్‌కు హైదరాబాదులోని గోథే సెంట్రుమ్ కూడా ఉంది.

మొదటి పత్రం: సరాసరి 68, అయినా తప్పింది

అల్లూరు దగ్గరి ఊరికి చెందిన ఒక అమ్మాయి జి.ఎన్.ఎం. పూర్తి చేసి, రెండేళ్లు ఆసుపత్రిలో పనిచేసి, జర్మనీలో నర్సుగా వెళ్లాలని గోథే బి1 పరీక్ష రాసింది. ఫలితం తీసుకుని నా దగ్గరకు వచ్చింది. చదవడంలో 73, వినడంలో 57, రాయడంలో 68, మాట్లాడడంలో 75 వచ్చాయి. "నాలుగూ కలిపి సరాసరి అరవై ఎనిమిది వచ్చింది గదా సార్, పాస్ మార్కు అరవయ్యే గదా, ఎందుకు పోయింది?" అని అడిగింది.

ఆ పిల్ల లెక్క తప్పు కాదు. 73, 57, 68, 75 కలిపితే 273, నాలుగుతో భాగిస్తే 68కి పైనే వస్తుంది. కాని గోథే బి1లో సరాసరికి చోటు లేదు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలు నాలుగు వేరు పరీక్షలన్నట్టే లెక్క. ప్రతి దానికీ నూరు మార్కులు, ప్రతి దానిలోనూ అరవై రావాలి. ఒకదానిలో మిగిలినవి మరొకదానికి పోవు. మన ఇంటర్మీడియట్‌లో ఒక సబ్జెక్టు తప్పితే మిగిలిన వాటిలో ఎన్ని వచ్చినా ఆ సబ్జెక్టు తప్పినట్టే గదా, అలాంటిదే ఇది.

అందులోనే ఒక మేలు కూడా ఉంది. తప్పిన ఒక్క భాగాన్నే మళ్లీ రాయవచ్చు. పాసైన మూడు భాగాలకూ ధ్రువపత్రాలు ఉంటాయి. కాబట్టి ఆ అమ్మాయి మళ్లీ రాయవలసింది వినడం ఒక్కటే. ఫీజు కూడా ఆ భాగానికే కట్టాలి. అయితే వేరు వేరు తేదీలలో పాసైన భాగాలను కలిపి ఒప్పుకుంటారా, ఎంత పాత పత్రం దాకా చెల్లుతుంది అన్నది మీ పత్రం అందుకునే కార్యాలయం ఇష్టం. ఆ మాట వాళ్ల నుంచే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇప్పుడు ఆ 57 ఎలా వచ్చిందో చూద్దాం. బి1 వినడంలో 30 ప్రశ్నలుంటాయి. ఆ 30ని నూటికి మారుస్తారు. 18 సరైతే 60, 17 సరైతే 57. అంటే ఆ అమ్మాయి తప్పింది ఒకే ఒక్క ప్రశ్నతో. ఒక్క ప్రశ్నే గదా అని మళ్లీ అదే విధంగా చదివితే మళ్లీ అంతే రావచ్చు. ఆ ప్రశ్న ఎక్కడ పోయిందో వెతకాలి.

ఫలితపు పత్రంలో మొత్తం మార్కులే ఇస్తారు, లోపలి భాగాల వివరం ఇవ్వరు. కాబట్టి గోథే వారు ఉచితంగా ఉంచే నమూనా ప్రశ్నపత్రాన్ని ఆ అమ్మాయి చేత రాయించి చూశాను. వినడంలో నాలుగు ఉపభాగాలు ఉంటాయి. మొదటి దానిలో ఐదు చిన్న ప్రకటనల వంటివి, 10 ప్రశ్నలు. ఇవి రెండుసార్లు వినిపిస్తారు. రెండోది ఒకరు చేసే వివరణ, 5 ప్రశ్నలు. మూడోది ఇద్దరి సంభాషణ, 7 ప్రశ్నలు. ఈ రెండూ ఒక్కసారే వినిపిస్తారు. నాలుగోది చర్చ, 8 ప్రశ్నలు, మళ్లీ రెండుసార్లు. ఆ అమ్మాయికి మొదటి దానిలో 8, నాలుగో దానిలో 5 వచ్చాయి. ఒక్కసారే వినిపించే రెండో దానిలో 2, మూడో దానిలో 3. అంటే జర్మన్ అర్థం కాక కాదు, ఒకసారి వినగానే పట్టుకోలేక పోతోంది.

ఎందుకు? రెండు కారణాలు కనిపించాయి. ఒకటి గడియారం, అంకెలు. జర్మన్‌లో "హాల్ప్ ఆహ్ట్" అంటే మాటకు మాట సగం ఎనిమిది. అంటే ఏడున్నర. మనం ఏడు మీద అర కలుపుతాం, వాళ్లు ఎనిమిదికి అర తక్కువ అంటారు. ఆ అమ్మాయి ప్రతిసారీ ఎనిమిదిన్నర అని గుర్తు పెట్టింది. అంకెలూ తిరగబడి ఉంటాయి. మనం ఇరవై ఒకటి అంటాం, వాళ్లు ఒకటీ ఇరవై అంటారు. వార్డులో డ్యూటీ మారే వేళ, మందు మోతాదు చెవితో పట్టుకోవలసిన మనిషికి ఇది పరీక్షకు మించిన సంగతి.

రెండో కారణం వాక్యం చివరి ముక్క. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండుగా విడిపోయి, రెండో ముక్క వాక్యం చివరకు పోతుంది. అపాయింట్‌మెంటు గురించి "ఇహ్ జాగె డెన్ టెర్మీన్" అని మొదలుపెట్టి చివర "అబ్" అంటే రద్దు చేస్తున్నానని. అదే చివర "ట్సూ" అంటే వస్తానని ఒప్పుకున్నానని. మధ్యలో ఎన్ని మాటలున్నా అర్థం చివరి ఒక్క ముక్కతో తేలుతుంది. ఇది తెలుగు చెవికి కొత్తేమీ కాదు. "రేపు మధ్యాహ్నం మీ ఇంటికి..." దాకా వినీ వస్తాడో రాడో చెప్పలేం గదా. కాని ఆ అమ్మాయి వింటూనే ఒక్కొక్క మాటను తెలుగులోకి మార్చుకుంటోంది. అలా మారుస్తుండగా చివరి ముక్క జారిపోతోంది. ఆరు వారాలు ఒకే పని చేయించాను. ప్రశ్నలు ముందు చదువుకుని, రికార్డింగు ఒక్కసారే వినడం, మళ్లీ పెట్టుకోకపోవడం. తరువాతి పరీక్షలో 70 వచ్చింది.

బి1 తరువాత ఏమిటి

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బి1 రాగానే నర్సు ఉద్యోగానికి భాష పూర్తయిందనుకుంటారు. జర్మనీలో నర్సు వృత్తి చట్టం కింద నియంత్రితమైనది. మన డిగ్రీని లేదా డిప్లొమాను అక్కడి అధికారులు గుర్తించాలి. వాళ్లు మన చదువును తమ చదువుతో పోల్చి, ఏయే భాగాలు తక్కువున్నాయో రాసిన ఒక ఉత్తర్వు ఇస్తారు. దాన్ని డెఫిజిట్‌బెషైడ్ అంటారు. ఆ లోటును అక్కడికి వెళ్లి శిక్షణ కోర్సుతో గాని, విజ్ఞాన పరీక్షతో గాని పూడ్చాలి. ఆ దారిలో విమానం ఎక్కడానికి సాధారణంగా బి1 అడుగుతారు. గుర్తింపు పూర్తయి నర్సుగా పేరు నమోదు కావడానికి బి2 కావాలి. కొన్ని రాష్ట్రాలు నర్సింగుకు ప్రత్యేకమైన భాషా పరీక్ష కూడా పెడతాయి. అంతవరకు జీతం, పని రెండూ సహాయకురాలివే. బి1 చేతిలో పెట్టుకుని వెళ్లి, షిఫ్టు డ్యూటీల మధ్య బి2 చదవడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లు చెబుతారు. వీలుంటే బి2 ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

దీనికి ఎంత కాలం పడుతుంది? గోథే సంస్థ చెప్పే అంచనా ప్రకారం బి1కు 350 నుంచి 650, బి2కు 600 నుంచి 800 తరగతులు కావాలి. ఒక్కో తరగతి 45 నిమిషాలు. ఇవి మొదటి నుంచి లెక్క. వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు తరగతులు అనుకుందాం. వారానికి 20. ఆరు నెలలంటే 24 వారాలనుకుంటే 480 తరగతులు. ఇది బి1 పరిధిలోనే ఉంది, బి2కు కావలసిన కనీస 600కు 120 తక్కువ. కాబట్టి "ఆరు నెలల్లో బి2 గ్యారంటీ" అని గోడమీద రాసిన చోట రోజుకు ఎన్ని తరగతులో అడిగి, ఈ లెక్క వేసి చూడండి. రోజుకు నాలుగే అయితే ఆ గ్యారంటీ లెక్కకు నిలవదు.

మరొక రకం కాగితం గురించి కూడా చెప్పాలి. ఒకసారి ఒక కుర్రాడు "బి1 సర్టిఫికెట్" అని అందంగా అచ్చువేసిన కాగితం తెచ్చాడు. అది అతను చదివిన శిక్షణ కేంద్రం సొంతంగా ఇచ్చినది. కోర్సు పూర్తి చేశాడన్నదానికి అది సాక్ష్యం, అంతే. వీసాకు చెల్లేది గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఇచ్చిన పత్రం. తేడా పసిగట్టడం తేలికే. పరీక్ష పత్రంలో ప్రతి భాగానికీ మార్కులు, పరీక్ష జరిగిన తేదీ, పరీక్ష పెట్టిన సంస్థ పేరు ఉంటాయి. శిక్షణ కేంద్రం కాగితం మీద ఎన్ని గంటలు చదివారో, హాజరు ఎంతో ఉంటుంది.

పేరు విషయంలోనూ మనవాళ్లకు ఒక చిక్కు ఉంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడిగా ఉంటుంది. పరీక్షకు నమోదు చేసుకునేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఫలితం వచ్చాక దిద్దించుకోవడం చాలా శ్రమ.

రెండో పత్రం: 97 వచ్చినా తప్పింది

ఇప్పుడు జపాన్ వైపు వద్దాం. కోవూరు వైపు ఒక కుర్రాడు డిప్లొమా చదివి, జపాన్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లాలని జేఎల్‌పీటీ ఎన్4 రాశాడు. ఎన్4కు మొత్తం 180 మార్కులు, పాసుకు 90. అతనికి 97 వచ్చాయి. అయినా తప్పాడు.

ఎన్4 మార్కులు రెండు గడుల్లో ఇస్తారు. భాషా జ్ఞానం, చదవడం కలిపి 120. వినడం 60. మొదటి గడిలో కనీసం 38, రెండో గడిలో కనీసం 19 రావాలి. ఆ పైన మొత్తం 90 రావాలి. అతనికి మొదటి గడిలో 80, వినడంలో 17 వచ్చాయి. మొత్తం దాటినా రెండో గడి గడప దాటలేదు.

గోథేతో పోల్చి చూడండి. అక్కడ ప్రతి భాగానికీ అరవై అనే ఎత్తైన గడప ఉంది, మొత్తం అనేదే లేదు. ఇక్కడ గడప తక్కువ ఎత్తు, అరవైకి పంతొమ్మిదే, కాని దానితోపాటు మొత్తం కూడా ఉంది. అసలు తేడా తప్పిన తరువాత కనిపిస్తుంది. జేఎల్‌పీటీలో వినడం ఒక్కటే మళ్లీ రాయడం కుదరదు. మొత్తం పరీక్ష మళ్లీ రాయాలి. అదీ జూలైలో తప్పితే డిసెంబరు దాకా ఆగాలి. ఫలితం జనవరి చివర వస్తుంది. రెండు మార్కులకు అర్ధ సంవత్సరానికి పైగా పోయినట్టే.

అందుకే ఆ కుర్రాడికి జేఎఫ్‌టీ-బేసిక్ అనే మరో పరీక్ష గురించి చెప్పాను. తొకుతేయి గినో అనే నైపుణ్య ఉద్యోగుల వీసాకు భాష రుజువుగా ఎన్4 గాని, ఇది గాని చెల్లుతుంది. కంప్యూటరు మీద రాసే గంట పరీక్ష ఇది. 250 మార్కులకు 200 రావాలి. జూలై, డిసెంబరు దాకా ఆగనవసరం లేదు, ఫలితం పరీక్ష ముగియగానే తెర మీదనే కనిపిస్తుంది. అతను నాలుగు నెలలు వినడం మీద కూర్చుని ఇది రాసి గట్టెక్కాడు. అయితే ఇది ప్రాథమిక స్థాయికి మాత్రమే. రేపు పైస్థాయి ఉద్యోగానికి ఎన్3, ఎన్2 అడిగితే జేఎల్‌పీటీ దారిలోకి రాక తప్పదు.

జపనీస్ తెలుగువారికి ఒక విషయంలో అనుకూలం. వాక్యంలో క్రియ చివర వస్తుంది, విభక్తులు నామం వెనక వస్తాయి, హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్ని మారుస్తుంది. "ఒబసన్" అంటే అత్త లేదా పిన్ని, "ఒబాసన్" అంటే అవ్వ. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఈ దీర్ఘం దగ్గర తడబడతారు, మనకది పుట్టుకతో వచ్చిన చెవి. మనకు కష్టం చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాలతో. పిల్లలు కాలమంతా కంజికే పెట్టి, వినడం వెనకబెడతారు. ఆ కుర్రాడికి 80, 17 వచ్చిన కథ అదే. జేఎల్‌పీటీలో రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారని కూడా గుర్తుంచుకోవాలి.

ఎన్4 కొలవనిది

ఎన్4 అనే కాదు, జేఎల్‌పీటీలో ఏ మెట్టులోనూ మాట్లాడే పరీక్ష లేదు. రాసే పరీక్షా లేదు. అంతా ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకోవడమే. కాబట్టి ఎన్4 పాసైన మనిషి నోరు విప్పి నాలుగు మాటలు చెప్పగలడన్న భరోసా ఆ పత్రం ఇవ్వదు. యజమాని ఇంటర్వ్యూలో ఆ లోటు బయటపడుతుంది. గోథే బి1లో పదిహేను నిమిషాల మాట్లాడే భాగం ఉంది. ఇద్దరు అభ్యర్థులు కలిసి ఏదైనా పని ప్రణాళిక వేయాలి, ఒక అంశం మీద మాట్లాడాలి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. జపనీస్ చదివేవారు ఈ భాగాన్ని తమకు తామే పెట్టుకోవాలి.

మరొకటి, సంరక్షణ పనికి ఎన్4 ఒక్కటే చాలదు. ఆ పనిని జపనీస్‌లో కైగో అంటారు. దానికి భాషా స్థాయి పత్రంతోపాటు మరో రెండు పరీక్షలుంటాయి. ఒకటి కైగో నైపుణ్య పరీక్ష, 45 ప్రశ్నలు, అరవై శాతం రావాలి. రెండోది కైగో జపనీస్, 15 ప్రశ్నలు, డెబ్బై మూడు శాతం, అంటే దాదాపు 11 ప్రశ్నలు సరి కావాలి. ప్రశ్నలు తక్కువ కాబట్టి ఐదు తప్పితే తప్పినట్టే. ఇందులో వచ్చే మాటలు ఎన్4 పుస్తకంలో దొరకవు. "న్యూయోకు" అంటే స్నానం చేయడం, "హైసెత్సు" అంటే మలమూత్ర విసర్జన. వంద రకాల కూరగాయల పేర్లు నేర్చినవాడికి ఇవి రాకపోతే పరీక్షలోనూ, పనిలోనూ ఇబ్బందే.

నర్సింగ్ చదివినవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. కైగో అంటే నర్సు ఉద్యోగం కాదు, సంరక్షకుల ఉద్యోగం. మన బి.ఎస్సీ. నర్సింగ్‌ను అక్కడ కైగో పనిలో నర్సు అర్హతగా లెక్కించరు. ఈ వీసా మొత్తం ఐదేళ్లు, కుటుంబాన్ని తీసుకువెళ్లే వీలు లేదు. ఆ ఐదేళ్లలో జపాన్ జాతీయ సంరక్షకుల పరీక్ష పాసైతే మరో రకం వీసాకు మారి కొనసాగవచ్చు. జర్మనీ దారిలో భాష బరువు మొదట్లోనే ఎక్కువ, కాని చివర చేతికొచ్చేది నర్సు గుర్తింపే. జపాన్ దారిలో మొదటి మెట్టు తక్కువ ఎత్తు, కాని చేరే గది వేరు. రెండిటినీ "కేర్ జాబ్" అని ఒకే మాటతో చెప్పేవారిని ఈ తేడా అడగండి.

సాంకేతిక పనుల సంగతి క్లుప్తంగా. జపాన్‌లో ఫ్యాక్టరీ, నిర్మాణ పనుల నైపుణ్య వీసాకు ఎన్4 లేదా జేఎఫ్‌టీ-బేసిక్, ఆ రంగపు నైపుణ్య పరీక్ష కావాలి. ఇంజనీరు వీసాకు చట్టం ఏ స్థాయినీ నిర్ణయించలేదు, కంపెనీలు మాత్రం ఎన్3, ఎన్2 అడుగుతాయి. జర్మనీలో ఇంజనీరుగా బ్లూ కార్డుకు భాషా పత్రం చట్టరీత్యా అక్కర్లేదు. పనిలో చేరి నేర్చుకునే శిక్షణకు, అంటే ఆవుస్‌బిల్డుంగ్‌కు, సాధారణంగా బి1 కావాలి.

ఎన్3ను బి1 అనుకోవడం

కొందరు ఎన్3 అంటే బి1 అని సూటిగా సమానం చేస్తారు. 2025 డిసెంబరు పరీక్ష నుంచి జేఎల్‌పీటీ మార్కుల పత్రం మీద ఐరోపా స్థాయిని కూడా సూచనగా ఇస్తున్నారు. దాని ప్రకారం ఎన్3 పాసుకు 95 చాలు గాని, బి1 అనిపించుకోవడానికి 104 రావాలి. 95 నుంచి 103 దాకా వచ్చినవారు ఎన్3 పాసైనా ఎ2 కిందే లెక్క. కాబట్టి ప్రకటనలో ఏది అడిగారో ఆ పేరుతోనే చూసుకోవాలి.

స్వయం పరిశీలన

కింది రెండు పత్రాలను చదివి, తీర్పు మీరే రాసుకుని, ఆ తరువాత జవాబు చూడండి.

1. గోథే బి2: చదవడం 80, వినడం 63, రాయడం 59, మాట్లాడడం 71. ఈ అభ్యర్థి ఏం చేయాలి?

2. జేఎల్‌పీటీ ఎన్3: భాషా జ్ఞానం 40, చదవడం 35, వినడం 24. ప్రతి గడికీ 60 మార్కులు, కనీసం 19 రావాలి. ఉద్యోగ ప్రకటనలో "ఎన్3 లేదా బి1" అని ఉంది. మరో ప్రకటనలో "బి1" అని మాత్రమే ఉంది. ఈ అభ్యర్థి దేనికి దరఖాస్తు చేయవచ్చు?

జవాబులు: 1. రాయడం ఒక్క భాగమే ఒక మార్కు తేడాతో తప్పింది. ఆ ఒక్కటి మళ్లీ రాస్తే చాలు. బి2 రాయడంలో ఒక చర్చా వ్యాఖ్య, ఒక అధికారిక సందేశం ఉంటాయి. ఏది బలహీనమో నమూనా పత్రంతో ముందు తేల్చుకోవాలి. 2. మూడు గడులూ 19 దాటాయి, మొత్తం 99, కాబట్టి ఎన్3 పాస్. మొదటి ప్రకటనకు దరఖాస్తు చేయవచ్చు. బి1కు 104 కావాలి గనుక రెండో ప్రకటనకు ఈ పత్రం చాలదు, ఐదు మార్కులు తక్కువ.